రాయగడ సైటుకి కొత్తగా వచ్చిన ఇంజినీరు తమ్ముళ్లకి: వారం రిపోర్టులో ఏం రాయాలి, ఏం వదలాలి

అద్దె ఇల్లు, గ్యాసు సంగతులు ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు, ఒడిశా అయినా బజార్లో తెలుగు నడుస్తుంది. నేను చెప్పేది శనివారం హెడ్డాఫీసుకి పంపే రిపోర్టు గురించి. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

మంచినీటి పైపులైను పనే తీసుకో. 20 కిలోమీటర్లలో 18 వేశారనుకుందాం. వెంటనే "90 శాతం పూర్తి" అని రాసేస్తారు. లెక్క తప్పు కాదు తమ్ముడూ, కానీ చదివిన పెద్దాయన ఇక పది రోజుల పనే ఉందనుకుంటాడు. వేసిన 18లో ప్రెజర్ టెస్టు అయింది 11 మాత్రమే. మిగిలిన 2 కిలోమీటర్లలో లైను రైలు పట్టాల కింద నుంచి వెళ్లాలి, రైల్వే అనుమతి చేతికి రాలేదు. అది దాటకుండా అవతలి ఊళ్లకి చుక్క నీరు పోదు. శాతం తీసెయ్. వేసింది 18, టెస్టయింది 11, పట్టాల దగ్గర ఆగింది. ఇదే మొదటి వాక్యం.

రెండోది తేదీ. ఇది వెనక నుంచి లెక్కపెట్టాలి. జూన్ 10 దాటితే వానలు, పట్టాల పక్కన తవ్విన గోతిలో నీళ్లు నిండి మట్టి జారుతుంది. పైగా జూన్ మధ్యలో రజొ పండక్కి కోస్తా వైపు కూలీలు ఇంటికి పోతారు. జాయింట్లకి, టెస్టుకి 10 రోజులు. పట్టాల కింద కేసింగ్ పైపు తొయ్యడానికి 21. మిషను తెచ్చుకోవడానికి 5. అంటే అనుమతి మే 5కి చేతిలో ఉండాలి. "మే 5 దాటితే పని వానల తర్వాతకి పోతుంది, మీరు రైల్వే డివిజన్ ఆఫీసుతో మాట్లాడాలి" అని రాయి. "త్వరలో వస్తుంది" అని రాశావంటే పెద్దాయన చెయ్యగలిగింది ఏమీ మిగలదు.

ఆ రైల్వే ఆఫీసులో గుమాస్తా ఒడియాలో "హెబొ" అన్నాడని అనుమతి వచ్చేసినట్టు రాయకు. అవుతుందనడం వేరు, కాగితం వేరు. "నోటిమాటగా చెప్పారు, ఉత్తరం రాలేదు" అని రెండూ రాయాలి.

జేసీబీ రెండు రోజులు ఆగి మళ్లీ నడిచిందా, తేదీ కదల్లేదా, వదిలెయ్. అది నీ సైటు డైరీలో ఉంటే చాలు. అదే జేసీబీ మూడోసారి ఆగి తేదీ జరిగితే మాత్రం రాయాలి. సబ్ కాంట్రాక్టరుతో మాటామాటా వచ్చిందని పేజీలు నింపకు. మనిషికి దెబ్బ తగిలితే శనివారం దాకా ఆగకు, ఆ గంటే ఫోన్ చెయ్యాలి. ఎన్నిసార్లు చెప్పినా ఇది మరిచిపోతారు!

ఏప్రిల్ మొదట్లోనే ఇలా రాస్తే పెద్దాయన ఫోన్లో కేకలేస్తాడు, దాచను. కానీ ఆయనకి కదలడానికి నెల రోజులు చేతిలో ఉంటాయి. అదే కబురు జూన్‌లో చెప్పినవాడి మీద కేకలు ఒక్క ఫోనుతో ఆగవు.