మాడ్యూల్ నోట్సు ఒక్క పేజీలో పట్టడం లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

మిడ్ పరీక్షలకు వారం ముందు మా సెకండియర్ అమ్మాయి ఒకరు ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్సు పట్టుకొచ్చింది. ఒకదాని చేతిలో ఉన్నదాని కోసం ఇంకొకటి ఆగి ప్రాసెస్‌లన్నీ నిలిచిపోయే డెడ్‌లాక్స్ మీద మాడ్యూల్, 14 పేజీలు. దాన్ని కార్నెల్ పద్ధతిలో ఒక్క పేజీ చేయాలని కూర్చుంది. అంటే ఎడమవైపు జవాబును గుర్తుచేసే ప్రశ్నలకు సన్నటి క్యూ కాలమ్, కుడివైపు నోట్సు, అడుగున సారాంశం.

"సార్, రెండుసార్లు రాశాను. రెండుసార్లూ సగం మాడ్యూల్‌కే పేజీ అయిపోయింది."

"ముందు ఏం రాశావమ్మా?"

"కుడివైపు సార్. మొదటి పేజీ నుంచి వరసగా."

తర్వాత వచ్చిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ జవాబులోనే ఉంది. 1950ల్లో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ ఈ అమరికను తయారుచేసింది క్లాసులో వింటూ రాసుకునేవాళ్ల కోసం. వినేటప్పుడు కుడివైపే ముందు నిండుతుంది, క్లాసు అయ్యాక తీరిగ్గా ఎడమవైపు రాసుకుంటారు. మన దగ్గర నోట్సు ముందే ఉంది. కుదించడమే మిగిలిన పని. కాబట్టి వరస తిరగేయాలి. ఎలాగో ఒక్కో సమస్య పట్టుకుని చూద్దాం.

సమస్య 1: పేజీ చాలడం లేదు, అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి

పేజీలో ఎంత పడుతుందో లెక్క చూసుకోకుండా మొదలుపెట్టడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. A4 కాగితం తీసుకుని పైన శీర్షికకు 2 సెంటీమీటర్లు, అడుగున సారాంశానికి 5 సెంటీమీటర్లు, ఎడమన క్యూ కాలమ్‌కు 6 సెంటీమీటర్లు వదిలేయండి. కుడి గడికి మిగిలేది 15 సెంటీమీటర్ల వెడల్పు, 22 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. గీతకు గీతకు మధ్య 8 మిల్లీమీటర్లు ఉంటే 28 గీతలు వస్తాయి. మామూలు చేతిరాతతో ఇంగ్లిష్‌లో గీతకు ఎనిమిది, తొమ్మిది మాటలు. మొత్తం కలిపితే 240 మాటలు దాటవు. 14 పేజీల నోట్సులో, పేజీకి 200 వేసుకున్నా, 2,800 మాటలున్నాయి. పన్నెండింటిలో ఒక్క మాటకే చోటుందన్నమాట. వరసగా కాపీ చేసుకుంటూ పోతే ఎంత సన్నగా రాసినా పట్టదు. పట్టించినా పరీక్ష ముందు రాత్రి ఆ అక్షరాలు ఎవరు చదువుతారు?

పరిష్కారం: కుడివైపు ముట్టుకోకండి. మాడ్యూల్ మొత్తం ఒకసారి తిరగేసి, ఇది చదివాక నేను జవాబు చెప్పగలగాల్సిన ప్రశ్నలేమిటని అడుక్కుని ఐదో ఆరో ఎడమవైపు రాయండి. ఒక్కోదానికి ఎన్ని గీతలో అప్పుడే పంచేయండి. మేమిద్దరం కూర్చుని పంచింది ఇలా తేలింది: నాలుగు షరతులకు 6 గీతలు, ఏ ప్రాసెస్ ఏ రిసోర్స్ కోసం ఆగిందో చూపే రిసోర్స్ గ్రాఫ్‌కు 4, ప్రివెన్షన్‌కూ అవాయిడెన్స్‌కూ తేడాకు 4, బ్యాంకర్స్ అల్గారిదమ్‌కు 8, డెడ్‌లాక్ వచ్చాక ఏం చేయాలన్నదానికి 4. మొత్తం 26, ఇంకా రెండు గీతలు చేతిలో ఉన్నాయి. ఇక కుడివైపు రాసేది ఆ ప్రశ్నకు జవాబు మాత్రమే. నోట్సులో ఎంత అందంగా ఉన్నా, ఏ ప్రశ్నకూ జవాబు కాని పేరా ఈ పేజీకి రాదు. ఆ అమ్మాయి నోట్సులో ట్రాఫిక్ జామ్ బొమ్మ ఒకటి రంగులతో అరపేజీ ఉంది. దాన్ని వదలడానికి ప్రాణం ఒప్పలేదు పాపం, చివరికి వదిలింది.

ఇంత చేసినా ప్రశ్నలు ఎనిమిదో పదో తేలితే మాడ్యూల్ నిజంగానే రెండు పేజీలదని అర్థం. రెండుగా విడగొట్టి, ఏ పేజీ సారాంశం ఆ పేజీకి రాయండి. లెక్కలు, డెరివేషన్లు నిండిన మాడ్యూల్స్‌కు తరచూ ఇదే గతి.

సమస్య 2: ఎడమవైపు నిండింది, కానీ దాన్ని చూస్తే ఏమీ గుర్తుకు రావడం లేదు

కుడివైపు కాగితంతో మూసి, ఎడమవైపు మాత్రమే చూస్తూ పైకి చెప్పుకోవాలి. క్యూ కాలమ్ ఉన్నదే అందుకు. చెప్పబోతే నోట మాట రాకపోతే, లేదా ఒక్క మాటతో అయిపోతే, అక్కడున్నవి ప్రశ్నలు కావు, శీర్షికలు. "డెడ్‌లాక్ కండిషన్స్" అని రాసి ఉంటే మనసు "ఆ, తెలుసు" అనేసి ముందుకెళ్లిపోతుంది. తెలిసిందో లేదో మాత్రం తేలదు.

శీర్షికను ప్రశ్న చేసేటప్పుడు ఇంకో గుంట ఉంది. "షరతులు ఎన్ని?" అంటే జవాబు "నాలుగు", అంతటితో సరి. "సైకిల్ ఉంటే డెడ్‌లాక్ ఉన్నట్టేనా?" అంటే అవును, కాదు అని గుడ్డిగా కొట్టేయవచ్చు. ఎందుకు, ఎప్పుడు, ఏది మారితే అన్న మాటలు పెడితే ప్రశ్న నిలబడుతుంది. మేం మార్చినవి రెండు చూడండి.

"డెడ్‌లాక్ కండిషన్స్" పోయి "నాలుగింటిలో ఒక్కటి తీసేస్తే డెడ్‌లాక్ ఎందుకు రాదు?" వచ్చింది. దీనికి జవాబు చెప్పాలంటే మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్, నో ప్రీఎంప్షన్, సర్క్యులర్ వెయిట్ నాలుగూ ఎలాగూ తలుచుకోవాలి. పైగా ఏది తీస్తే ఏమవుతుందో చెప్పాలి.

"రిసోర్స్ గ్రాఫ్" పోయి "సైకిల్ ఉన్నా డెడ్‌లాక్ లేకపోవడం ఎప్పుడు?" వచ్చింది. ప్రతి రిసోర్స్ ఒక్కొక్కటే ఉంటే సైకిల్ కనబడిందంటే డెడ్‌లాక్ ఉన్నట్టే. ఒకే రకం రిసోర్స్ రెండుమూడు ఉంటే, సైకిల్‌లో లేని ప్రాసెస్ తనది వదిలినప్పుడు ముడి విడిపోవచ్చు. నాలుగు గీతల్లో చక్కగా సరిపోయింది.

సమస్య 3: ఒక్క ఉదాహరణే సగం పేజీ మింగేసింది

బ్యాంకర్స్ దగ్గర అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. నోట్సులో ఐదు ప్రాసెస్‌లు, మూడు రకాల రిసోర్స్‌లతో పెద్ద టేబుల్ ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించితే 20 గీతలు. టేబుల్ అంత పెద్దది కావడానికి కారణం పరీక్షలో అలా అడగడమే తప్ప, పద్ధతి అర్థం కావడానికి అంత అక్కర్లేదు. ఒకే రకం రిసోర్స్, మూడు ప్రాసెస్‌లు చాలు. పెద్ద లెక్కకు "నోట్సు పే. 9" అని పక్కన రాసుకుంటే సరి.

మేం పెట్టిన ఉదాహరణలో రిసోర్స్‌లు మొత్తం 10. A గరిష్ఠంగా 8 అడగవచ్చు, చేతిలో 4 ఉన్నాయి. B గరిష్ఠం 3, చేతిలో 2. C గరిష్ఠం 7, చేతిలో 2. ఖాళీగా ఉన్నవి 2. ఇంకా కావాల్సినవి A కి 4, B కి 1, C కి 5. ఉన్న రెండింటితో B పని ముగుస్తుంది. దాని దగ్గరున్నవి వెనక్కి వస్తే ఖాళీ 4 అవుతుంది. దాంతో A ముగుస్తుంది, ఖాళీ 8. తర్వాత C. అందరూ బయటపడే వరస ఒకటి దొరికింది కాబట్టి ఇది సేఫ్ స్టేట్.

ఇప్పుడు C ఇంకొకటి అడిగిందనుకోండి. ఖాళీగా 2 ఉన్నాయి కదా అని ఇచ్చేస్తే ఖాళీ 1 మిగులుతుంది. B ముగిసి ఖాళీ 3 అవుతుంది. A కి 4 కావాలి, C కి కూడా 4 కావాలి. ఎవరికీ చాలదు. అందుకే చేతిలో ఉన్నా బ్యాంకర్స్ ఇవ్వదు.

ఎడమవైపు ప్రశ్న: "ఖాళీ ఉన్నా C కి ఎందుకు ఇవ్వకూడదు?" కుడివైపు మూడు గీతల టేబుల్, నాలుగు గీతల లెక్క, చివరి గీతలో ఒక హెచ్చరిక: అన్‌సేఫ్ అంటే డెడ్‌లాక్ వచ్చేసినట్టు కాదు, రావచ్చని. A, C లు గరిష్ఠం అడక్కుండానే కొన్ని వదిలేస్తే గండం గడిచిపోవచ్చు. జవాబుపత్రాల్లో ఈ రెండింటినీ ఒకటి చేసి రాసేవాళ్లను ఏటా చూస్తుంటాను.

సమస్య 4: సారాంశం రాశాక కూడా ఏమీ చెప్పినట్టు లేదు

ఆ అమ్మాయి మొదట రాసిన సారాంశం: "ఈ మాడ్యూల్‌లో డెడ్‌లాక్, షరతులు, ప్రివెన్షన్, అవాయిడెన్స్, డిటెక్షన్ గురించి తెలుసుకున్నాం." ఇది విషయసూచిక. పేజీ చూస్తూ రాస్తే చెయ్యి తనంతట తానే శీర్షికలను ఏరుకుంటుంది.

పేజీ మొత్తం మూసేసి, అడుగున 5 సెంటీమీటర్లే కనబడేలా పెట్టుకుని రాయమన్నాను. ఇంకో షరతు కూడా పెట్టాను. ప్రతి వాక్యంలో కనీసం రెండు అంశాల మధ్య సంబంధం కనబడాలి. పది నిమిషాలు గోళ్లు కొరికి ఇది రాసింది:

"డెడ్‌లాక్ రావాలంటే నాలుగు షరతులూ ఒకేసారి ఉండాలి. ప్రివెన్షన్ వాటిలో ఒకదాన్ని ముందే లేకుండా చేస్తుంది. అవాయిడెన్స్ షరతుల జోలికి పోకుండా, అడిగిన ప్రతిసారీ సేఫ్ స్టేట్ దాటకుండా చూస్తుంది. అందుకు గరిష్ఠ అవసరం ముందే తెలియాలి. అది తెలియక, ప్రివెన్షన్ కూడా కుదరనప్పుడు డెడ్‌లాక్ రానిచ్చి, కనిపెట్టి, ఒక ప్రాసెస్‌ను ఆపడం మిగిలిన దారి."

మూసి రాసేటప్పుడు ఎక్కడైనా కలం ఆగిపోతే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. అక్కడ సారాంశాన్ని చెక్కుతూ కూర్చోవద్దు. ఆ సంబంధం కుడివైపే లేదేమో చూడండి. ఈ పేజీలో "గరిష్ఠ అవసరం ముందే తెలియాలి" అన్న మాట అలా దొరికిందే. మిగిలిన రెండు గీతల్లో ఒకటి దానికి ఖర్చయింది.

సమస్య 5: వర్డ్‌లో చేస్తే ప్రశ్న ఒకచోట, జవాబు ఇంకోచోట

ఒకే పెద్ద గడిలో ఎంటర్లు కొట్టి ప్రశ్నను జవాబు ఎదురుగా తెచ్చి ఉంటారు. కుడివైపు ఒక్క మాట చేర్చగానే అన్నీ జారిపోతాయి. ప్రశ్నకొక వరస పెట్టండి, రెండు గడులు. చివరి వరసలో రెండు గడులనూ `Merge Cells` తో కలిపితే సారాంశానికి చోటు. `Table Properties` లో `Row` ట్యాబ్‌కి వెళ్లి `Allow row to break across pages` టిక్ తీసేయండి. సారాంశం వరసకు `Specify height` లో 5 సెంటీమీటర్లు ఇచ్చి `Exactly` పెడితే అది పెరగదు. కాకపోతే ఎక్కువైన మాటలు కనబడకుండా గడి కింద దాక్కుంటాయి, ప్రింట్ తీసేముందు చివరి వాక్యం పూర్తిగా ఉందో లేదో చూసుకోండి.

అంతా సరిపోయాక కూడా రెండో పేజీ ఖాళీగా వస్తుంటే, టేబుల్ తర్వాత వర్డ్ తప్పనిసరిగా ఉంచే ఖాళీ పేరా అందుకు కారణం. దాన్ని డిలీట్ చేయబోతే పోదు. కర్సర్ అక్కడ పెట్టి ఫాంట్ సైజు 1 చేసి, పేరాకు ముందూ వెనకా స్పేసింగ్ 0 ఇస్తే పై పేజీలోకి సర్దుకుంటుంది.