ఆటల్లో లెక్కలు, 4వ భాగం: పిటీ ఉంటే అసలు ఛాన్స్ ఎంత?

పోయిన భాగంలో ఏ ప్రయత్నానికా ప్రయత్నం విడిగా ఉండే డ్రాప్‌లు చూశాం. అక్కడ వంద సార్లు రాకపోయినా నూటొకటోసారి ఛాన్స్ మారదు. పిటీ ఉన్న ఆటలో అలా కాదు. పుల్ అంటే లాటరీలా ఒక్కసారి తీయడం. కోరుకున్నది రాని పుల్స్‌ను గేమ్ లెక్కపెట్టుకుంటుంది, ఒక హద్దు చేరగానే దాన్ని ఇచ్చేస్తుంది. వచ్చాక కౌంటర్ మళ్లీ సున్నా.

ఒంగోలులో ఇంజినీరింగ్ చదివే తమ్ముడు ఒకడు అడిగాడు: “అన్నా, జెన్షిన్ ఇంపాక్ట్ క్యారెక్టర్ బ్యానర్‌లో ఫైవ్ స్టార్‌కి 0.6 శాతం అని ఒకచోట, 1.6 శాతం అని ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి?”

రెండూ నిజమే. మొదటిది మామూలు పుల్‌కి ఉండే ఛాన్స్. రెండోది, 90వ పుల్‌లోపు ఇచ్చే గ్యారంటీని కూడా కలుపుకుని దీర్ఘకాలంలో వచ్చే సగటు. అంటే సగటున 62.5 పుల్స్‌కి ఒకటి.

ఈ సగటును మనమే కట్టి చూద్దాం. మొదటి పుల్ ఎలాగూ చేస్తాం. రెండోది చేయాల్సి వచ్చే అవకాశం 0.994, మూడోదానికి 0.994 × 0.994. ఇలా 90వ పుల్ దాకా కూడితే, ఒక ఫైవ్ స్టార్‌కి సగటున ఎన్ని పుల్స్ పడతాయో వస్తుంది. ఆ కూడిక చిన్నదై ఇలా మిగులుతుంది:

```
(1 - 0.994**90) / 0.006
```

జవాబు సుమారు 69.7. కానీ కంపెనీ చెప్పిన లెక్క 62.5! ఇక్కడ ఆగి ఆలోచించండి, ఈ పాఠంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. 89వ పుల్ దాకా 0.6 శాతమే ఉండి 90వది మాత్రమే గ్యారంటీ అయితే సగటు అంత తగ్గదు. కాబట్టి 90 రాకముందే ఎక్కడో ఛాన్స్ పెరుగుతోంది. ఆటగాళ్లు పోగేసిన రికార్డుల్లో అది సుమారు 74వ పుల్ నుంచి కనిపిస్తుంది. దాన్నే సాఫ్ట్ పిటీ అంటారు.

డబ్బు పోయేది 1.6ని ప్రతి పుల్‌కీ ఛాన్స్ అనుకున్నప్పుడే. మన తమ్ముడి కౌంటర్ సున్నా దగ్గర ఉంది, చేతిలో పది పుల్స్ ఉన్నాయి. 1.6తో లెక్కేస్తే దాదాపు 15 శాతం ఆశ కనిపిస్తుంది. నిజానికి ఉన్నది `1 - 0.994**10`, అంటే 6 శాతం కూడా లేదు. అదే కౌంటర్ 80 దాటి ఉంటే ఆ పది పుల్స్‌లో ఖాయంగా వస్తుంది. అందుకే పుల్ చేసేముందు హిస్టరీ తెరిచి, చివరి ఫైవ్ స్టార్ తర్వాత ఎన్ని పుల్స్ అయ్యాయో లెక్కపెట్టండి. క్యారెక్టర్ బ్యానర్ మారినా ఆ లెక్క తర్వాతి క్యారెక్టర్ బ్యానర్‌కి కొనసాగుతుంది.

అభ్యాసం: ఒక గేమ్‌లో మామూలు ఛాన్స్ 2 శాతం, 50వ పుల్‌కి గ్యారంటీ, అన్నీ కలిపి 4 శాతం అని రాసి ఉంది. ఇందులో సాఫ్ట్ పిటీ ఉందా? జవాబు 5వ భాగంలో.