పాత కారు పాఠాలు – 3: జాబ్ కార్డుల మధ్య దొరికే అసలు కిలోమీటర్లు

గత రెండు పాఠాల్లో ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు చూశాం, ఆ తర్వాత బాడీ, పెయింటు చూశాం. ఈసారి మీటరు సంగతి.

విజయవాడ ఆటోనగర్‌లో అయినా గుంటూరులో అయినా పాత కారు అమ్మేవాళ్ల నోట ముందు వచ్చేది రీడింగే. "తిరగని బండండీ, యాభై ఎనిమిది వేలే" అంటారు. ఆ అంకె ఒక్కదాన్నే చూసి అది నిజమో కాదో ఎవరూ చెప్పలేరు. పాత మీటర్లలో అంకెల చక్రాలు తిప్పితే అవి వరసలో నిలబడేవి కావు, ఆ వంకర చూసి పట్టుకునేవారు. ఇప్పటి డిజిటల్ మీటర్లలో రీడింగ్ ఒక మెమరీ చిప్‌లో ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పరికరం తగిలించో, మీటరు విప్పి చిప్‌ను చదివో ఆ అంకెను మార్చేస్తారు. బయటికి ఏ గుర్తూ ఉండదు.

అందుకే ఈ పాఠంలో మనం చూసేది రీడింగ్‌ను కాదు, ఒక రీడింగ్‌కూ తర్వాతి రీడింగ్‌కూ మధ్య బండి నెలకు ఎంత తిరిగిందన్నది. మీటరులో ఉండేది ఒక్క అంకె, దాన్ని మార్చడం తేలిక. కానీ ఆ బండి సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ కిలోమీటర్లు ఇంకెక్కడో రాసి ఉంటాయి. వాటన్నిటినీ మార్చడం ఎవరివల్లా అయ్యే పని కాదు.

ముందు ఆ రాతలు సంపాదించాలి. కంపెనీ సర్వీస్ సెంటరుకు బండి వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు తెరుస్తారు, అందులో తేదీ, ఆ రోజు రీడింగ్ ఎక్కిస్తారు. ఇది వాళ్ల కంప్యూటర్‌లో ఉంటుంది. మామూలుగా ఓనరు అడిగితేనే ఇస్తారు కాబట్టి, అమ్మే మనిషినే సర్వీస్ సెంటరు నుంచి హిస్టరీ ప్రింటు తెప్పించమని అడగండి. వీలైతే మీరూ వెంట వెళ్లండి. ప్రింటు మీదున్న ఛాసిస్ నంబరు, బండి మీదున్న నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబరు మూడూ ఒకటేనా చూసుకోండి. చేతికిచ్చిన సర్వీస్ బుక్కును ఒంటరిగా నమ్మకండి. అయిదేళ్ల స్టాంపులన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకేలా మెరుస్తూ ఉంటే అవి ఒక్క పూట కూర్చుని వేసినవై ఉండొచ్చు.

ఇప్పుడు ఒక బండి చూద్దాం. మా వీధిలో ఉండే ఒక మాష్టారు 2024 జూన్‌లో కొనాలనుకున్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఇది. మొదటి ఓనరుది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో. ఇప్పుడు అమ్మేది ఆయన కాదు, తర్వాత కొన్న మనిషి. 2017 ఆగస్టులో కొన్న బండి. మీటరులో 58,200 ఉంది. సర్వీస్ సెంటరు ప్రింటులో ఉన్నవి ఇవి:

2018 ఆగస్టు – 12,900
2019 ఆగస్టు – 27,300
2020 మార్చి – 36,100
2021 ఫిబ్రవరి – 43,800

ఆ తర్వాత ఏమీ లేదు.

పక్కనే పెన్సిల్‌తో లెక్క వేయండి. 2018 ఆగస్టు నుంచి 2019 ఆగస్టు దాకా 12 నెలల్లో 14,400 కిలోమీటర్లు, అంటే నెలకు 1,200. అక్కణ్నుంచి 2020 మార్చి దాకా 7 నెలల్లో 8,800, నెలకు 1,250 పైమాటే. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి రావడానికి అటూ ఇటూ 65 కిలోమీటర్లు వేసుకున్నా, నెలకు పద్దెనిమిది పంతొమ్మిది రోజులు వెళ్తే సరిగ్గా ఇంతే వస్తుంది. మొదటి ఓనరు గురించి చెప్పిన జీవితం, కాగితం మీది అంకె ఇక్కడిదాకా ఒకటిగానే ఉన్నాయి. తర్వాతి 11 నెలల్లో 7,700, నెలకు 700. లాక్‌డౌన్ కాలం కనుక అదీ సబబే.

ఇక చివరి ముక్క. 2021 ఫిబ్రవరి నుంచి 2024 జూన్ దాకా 40 నెలలు. 58,200లోంచి 43,800 తీసేస్తే 14,400. నెలకు 360. ఆఫీసులన్నీ తెరిచాక, లాక్‌డౌన్‌లో తిరిగినదాంట్లో సగం తిరిగిందట బండి! పాత లెక్కన నెలకు 1,200 వేస్తే ఈ 40 నెలలకు 48,000 కావాలి, అంటే మీటరులో 91,800 దగ్గర ఉండాలి.

ఇంతటితో మీటరు తిప్పారని తేల్చేయకండి. ఓనరుకు బదిలీ అయి ఉండొచ్చు, ఇంట్లో రెండో కారు వచ్చి ఉండొచ్చు, రైల్లో వెళ్లడం మొదలుపెట్టి ఉండొచ్చు. తిరుగుడు పడిపోవడం అనుమానానికి సరిపోతుంది, నిర్ణయానికి సరిపోదు. మాష్టారు అమ్మే ఆయన్ని అదే అడిగారు. "ఇంటి దగ్గరే పనండీ, బండి ఊరికే పడుంది" అన్నాడాయన. అయితే దాన్ని నిలబెట్టే సాక్ష్యం వేరేచోట ఉండాలి కదా.

మొదటి సాక్ష్యం ఫాస్టాగ్. గుంటూరు, విజయవాడల మధ్య హైవే మీద వెళ్లే కారు కాజ టోల్ దాటాలి. ఓనరు తన ఫోన్‌లో ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి చూపిస్తే ఏ తేదీల్లో దాటిందో వరసగా కనిపిస్తుంది. నెల పాస్ తీసుకుని ఉంటే పాస్ కొన్న తేదీలు చూడండి, ఇంటి దగ్గర పడున్న బండికి నెలనెలా పాస్ ఎవరూ కొనరు. ఇక్కడ ఆయన "ట్యాగ్ మార్చామండీ, పాతది లేదు" అన్నాడు. అది నేరమేం కాదు, అయితే మనకు ఒక దారి మూసుకుపోయింది.

రెండోది టైర్లు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఒకటి ఉంటుంది. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. ఈ బండికి ముందు టైర్ల మీద 1024 ఉంది, అంటే 2024 పదో వారం, మార్చి మొదట్లో తయారైనవి. అమ్మకానికి వేసిన కొత్త టైర్లు కావచ్చు, వాటివల్ల మనకేం తెలియదు. తెలిసేది వెనక టైర్ల వల్ల. వాటి మీద 3621 ఉంది, 2021 సెప్టెంబరులో తయారైనవి. ఆ వెంటనే వేశారనుకున్నా 33 నెలలు. నెలకు 360 లెక్కన అవి దాదాపు 12,000 కిలోమీటర్లే తిరిగి ఉండాలి. ట్రెడ్ గేజ్ పెట్టి చూస్తే గాడి లోతు 3 మిల్లీమీటర్లు. కొత్త కారు టైరుకు అది 8 దాకా ఉంటుంది. ముందు చక్రాలతో లాగే బండికి వెనక టైర్లు నిదానంగా అరుగుతాయి. అలాంటిది పన్నెండు వేలకే 5 మిల్లీమీటర్లు పోవడం జరగదు, ముప్పై నలభై వేలకైతే మామూలే. ఒక మినహాయింపు ఉంది: పాత టైర్లు కొని వేసి ఉంటే ఈ లెక్క చెల్లదు. బిల్లు అడగండి. అరుగుదల ఒక అంచుకే ఉంటే అది అలైన్‌మెంట్ తప్పు, కిలోమీటర్ల గుర్తు కాదు.

మూడోది చాలామంది వదిలేసేది. బయటి మెకానిక్‌లు తాము వేసిన ఫిల్టరు మీదో, డోరు పక్కన ఫ్రేము మీద అంటించిన ఆయిల్ స్టిక్కరు మీదో తేదీ, కిలోమీటర్లు రాస్తారు. తర్వాత వచ్చినప్పుడు వాళ్లకే గుర్తుండాలని. అమ్మే ముందు బానెట్ లోపలంతా నీళ్లు కొట్టి కడుగుతారు, స్టిక్కర్లు పీకేస్తారు. ఎయిర్ ఫిల్టరు డబ్బా మాత్రం విప్పరు. అమ్మే ఆయన అనుమతితో నాలుగు క్లిప్పులు తీసి ఫిల్టరు పైకెత్తాం. మడతల కాగితానికి చుట్టూ ఉన్న రబ్బరు అంచు మీద, దుమ్ము వేలితో తుడిస్తే, నల్ల మార్కరుతో ఉంది: "12/23 – 84". 2023 డిసెంబరు, 84 వేలు. మన పెన్సిల్ లెక్క ప్రకారం ఆ నెలకు ఎంత రావాలి? 43,800కు 34 నెలల 40,800 కలిపితే 84,600.

అమ్మే ఆయన దాన్ని చూసి "ఏమోనండీ, నేను కొన్నప్పుడే ఇలా ఉంది" అన్నాడు. అదీ నిజమే కావచ్చు. బండి రెండు మూడు చేతులు మారితే ఎవరు తిప్పారో తేలదు. కొనేవాడికి అది తేలాల్సిన పని కూడా లేదు.

ఇంకో మాట. మీటరు పాడై కొత్తది వేస్తే రీడింగ్ న్యాయంగానే మారుతుంది. అలాంటప్పుడు మీటరు మార్చినట్టు, అప్పటి పాత రీడింగ్ ఎంతో జాబ్ కార్డులో ఉంటుంది. అది లేకుండా "మీటరు మార్చామండీ" అంటే ఒప్పుకోకండి. ఆటోనగర్‌లో స్కానర్ పెట్టించి "క్లీన్" అన్న రిపోర్టు చూపిస్తారు, అది ఫాల్ట్ కోడ్‌లు లేవని మాత్రమే చెబుతుంది. కొన్ని బండ్లలో ఇంజిన్ కంప్యూటరులోనో ఇతర యూనిట్లలోనో కిలోమీటర్లు విడిగా నిల్వ ఉంటాయి. వాటిని చదవాలంటే ఆ కంపెనీ స్కానర్ కావాలి, చిన్న బ్లూటూత్ పరికరాలతో చాలా బండ్లలో కుదరదు.

ఇప్పుడు అవే జాబ్ కార్డులు రెండోసారి చదవాలి, ఈసారి కింది భాగం. చేసిన పనుల కింద, చేయమని చెప్పినా కస్టమరు వద్దన్న పనులు రాసి ఉంటాయి. ఈ బండికి 2020 మార్చిలో బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలని రాశారు, వద్దన్నారు. 2021 ఫిబ్రవరిలో మళ్లీ రాశారు, మళ్లీ వద్దన్నారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, దాంతో అది మరిగే వేడి తగ్గిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కితే లోపల ఆవిరి పుట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే చాలా కంపెనీలు బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చమంటాయి.

అంతకన్నా భయపడాల్సింది టైమింగ్ బెల్టు. ఇంజిన్‌లో పిస్టన్లకూ వాల్వులకూ తాళం తప్పకుండా తిప్పేది అదే. ఈ ఇంజిన్‌కు చైను కాదు, బెల్టు. మార్చాల్సిన గడువు మాన్యువల్‌లో కిలోమీటర్లలోనూ సంవత్సరాల్లోనూ ఉంటుంది, ఏది ముందొస్తే అది. మార్చినట్టు ఏ కాగితంలోనూ లేదు. కొన్నవాళ్లు మీటరులో 58,200 చూసి ఇంకా టైముందిలే అనుకుంటారు. నిజానికి బెల్టు తొంభై వేలు తిరిగి ఉంది. ఇలాంటి ఇంజిన్లలో నడుస్తుండగా బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి, ఇంజిన్ విప్పాల్సిందే. మీటరు తిప్పడమంటే ధర పెంచుకోవడం మాత్రమేనని అనుకోకండి. ఆ తర్వాత ఆ బండికి జరగాల్సిన ప్రతి పనీ ఆలస్యమవుతుంది.

మాష్టారు ఆ బండి వదిలేశారు. 91 వేల బండిగా ధర కట్టి, బెల్టు, ఫ్లూయిడ్ ఖర్చు తగ్గించి అడగొచ్చని నేనన్నాను. మధ్యలో 40 నెలలు ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియని డీజిల్ ఇంజిన్ తనకొద్దన్నారు. ఆయన మాటే సరైనదని నాకూ అనిపించింది.

వచ్చే పాఠానికి ముందు ఈ లెక్క చేయండి. తెనాలిలో ఒకే ఓనరు పెట్రోలు కారు, 2016 జనవరిలో కొన్నది. 2017 జనవరిలో 3,100. 2018 జనవరిలో 6,000. 2021 జనవరిలో 14,800. 2024 జనవరిలో మీటరులో 23,900. 2018 నుంచి 2021 మధ్య సర్వీసు లేదు, 2021 తర్వాతా లేదు. బిల్లుల్లో కూలెంట్ మాట ఎక్కడా లేదు. టైర్ల మీద నాలుగింటికీ 4515 ఉంది, గాడి లోతు 5 మిల్లీమీటర్లు. ఒక్కో ముక్కకు నెలవారీ తిరుగుడు కట్టి, మీటరు తిప్పారా లేదా రాయండి. తర్వాత, ఆ జవాబు ఏదైనా సరే, కొన్న మొదటి వారంలో ఏమేం మార్చాలో, ఎందుకో రాయండి. నాలుగో పాఠం ఆ జవాబుతో మొదలుపెట్టి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వినడం దగ్గరికి వెళ్దాం.