పదిన్నరకే నీరసం రాకుండా పొద్దున టిఫిను ఎలా తినాలి?

అమలాపురంలో ఏడున్నరకి 4 ఇడ్లీలు తిని కాకినాడ బస్సెక్కిన మనిషికి పదిన్నరకే కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయంటే, ముందు చూడాల్సింది ఇడ్లీని కాదు, దాని పక్కన ఏముందో. నాలుగు ఇడ్లీల్లో పిండిపదార్థం 45-50 గ్రాముల దాకా ఉంటుంది, మాంసకృత్తులు 8 గ్రాములకు అటూఇటూ. పులిసి, ఆవిరి మీద మెత్తగా ఉడికిన పిండి తొందరగా అరుగుతుంది. రక్తంలో చక్కెర గబగబా పెరిగి, అంతే గబగబా దిగుతుంది.

గుడ్డు తినేవాళ్లకి మార్గం సులువు. ఒక ఇడ్లీ తగ్గించి 2 ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. గుడ్డుకి 6 గ్రాముల చొప్పున 12, మూడు ఇడ్లీల్లోవి 6 కలిపి మాంసకృత్తులు మొత్తం 18 గ్రాములవుతాయి. పచ్చసొన తీసేయకండి, అందులోని కొవ్వు వల్లే తిన్నది పొట్టలో కాసేపు నిలుస్తుంది. అలాగని ఉత్త గుడ్లతో సరిపెట్టుకుని ఊడ్పులకి దిగితే ఒంటికి చాలదు.

గుడ్డు తిననివాళ్లు పిండి దగ్గరే మార్చాలి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ పోసేవాళ్లు ఒకటిన్నర పోసి చూడండి. పప్పు తక్కువ నీళ్లతో పొంగేలా రుబ్బాలి, నానిన రవ్వని నీళ్లు పోయేలా గట్టిగా పిండి అందులో కలపాలి. ఇడ్లీ పరుచుకుపోయి జిగురుగా వస్తే పప్పు ఎక్కువైనట్టు, లేదా నీళ్లు మిగిలినట్టు. ఆ పిండిని పారేయకండి, మూకుట్లో నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద దిబ్బరొట్టె కాల్చుకోండి. నన్నడిగితే ఇడ్లీకన్నా అదే మేలు! చట్నీలో ఉత్త కొబ్బరే కాకుండా గుప్పెడు వేరుశనగపప్పు కలపండి, కోనసీమలో కొబ్బరి ఎంత చవకైనా సరే.

ఉప్మా, అటుకులు రెండూ దాదాపు ఒక్క దారే. విడిగా తింటే ఎక్కువసేపు ఆగవు. బొంబాయి రవ్వ తగ్గించి ఆ మేరకు కేరెట్, బీన్స్ వెయ్యండి. ఇంకా మంచిది పెసరట్టు ఉప్మా. కాకపోతే హోటల్లోలా గరిటెడు ఉప్మా కూరకుండా రెండు చెంచాలు చాలు, అట్టు పెద్దదిగా ఉండాలి. అటుకులు మందపాటివి తీసుకుని, వేయించిన వేరుశనగలు ధారాళంగా వేసుకోండి.

తీపి సీరియల్ డబ్బా కొనేముందు వెనక 100 గ్రాములకు చక్కెర ఎంతో చూడండి. 30 గ్రాములని ఉంటే, పిల్లాడి గిన్నెలో పడే 40 గ్రాముల్లో 12 గ్రాములు చక్కెరే, అంటే 3 చెంచాలు. ఇంట్లో ఉన్నది ఖర్చవ్వాలంటే చిన్న గిన్నెడు, పాలు ఎక్కువ, పక్కన గుడ్డు.

కుదిరిందో లేదో ఆకలే చెబుతుంది. పన్నెండు దాటాక మెల్లగా వేస్తే సరిపోయినట్టే. తొమ్మిదిన్నరకే కునికిపాట్లు వస్తే ఇడ్లీ ఇంకొకటి తగ్గించి పప్పో గుడ్డో పెంచండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ఇడ్లీలు తగ్గించకూడదు. వాళ్లకి వణుకు, చెమట వస్తే అది ఆకలి అనుకోకుండా వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. 70 కన్నా తక్కువుంటే 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి.