సేల్ సీజన్‌కి ముందు: టార్గెట్ సీపీఏనా, టార్గెట్ రోయాసా?

సేల్ రోజుల్లో ఆర్డర్లు పెరుగుతాయి, ఒక్కో ఆర్డర్‌కి అయ్యే యాడ్ ఖర్చూ అనుకున్నంతే ఉంటుంది. అయినా నెలాఖరుకి లెక్క వేస్తే నష్టం తేలుతుంది. చౌక వస్తువులూ ఖరీదైన వస్తువులూ కలిపి అమ్మే స్టోర్లలో టార్గెట్ సీపీఏ, అంటే ఒక్కో ఆర్డర్‌కి సగటున ఇంత యాడ్ ఖర్చు అని చెప్పే టార్గెట్, పెట్టినప్పుడు జరిగేది చాలాసార్లు ఇదే. గూగుల్ యాడ్స్‌లో ఇది ఎలా జరుగుతుందో, సీజన్ మొదలయ్యేలోపు ఏం సరిచూసుకోవాలో చూద్దాం. ఏ కరెన్సీలోనైనా లెక్క ఒకటే కాబట్టి ఇక్కడ అంకెలు మాత్రమే ఇస్తున్నాం.

ఒక స్టోర్‌లో మూడు రకాల సరుకు ఉందనుకోండి. 500 ధర వస్తువు మీద 200 మిగులుతుంది, 3,000 ధర వస్తువు మీద 900, 15,000 ధర వస్తువు మీద 3,000. మామూలు నెలలో టార్గెట్ సీపీఏ 300తో 100 ఆర్డర్లు వచ్చాయి: 80 చౌకవి, 15 మధ్యరకం, 5 ఖరీదైనవి. సరుకు మీద మిగిలింది 44,500. యాడ్స్‌కి 30,000 పోగా చేతికి 14,500.

ఇక సేల్ వారం. ఆర్డర్లు 130కి పెరిగాయి, సీపీఏ అదే 300. కానీ ఈసారి 120 చౌకవి, 8 మధ్యరకం, ఖరీదైనవి రెండే. ధరలు తగ్గించకపోయినా సరుకు మీద మిగిలింది 37,200, యాడ్స్ ఖర్చు 39,000. అంటే 1,800 నష్టం. డాష్‌బోర్డ్‌లో మాత్రం ఎక్కడా తేడా కనిపించదు, ఎందుకంటే మీరు అడిగిన సీపీఏని సిస్టమ్ సరిగ్గానే ఇచ్చింది.

దీనికి కారణం బిడ్ వేసే తీరులో ఉంది. స్థూలంగా చెప్పాలంటే, టార్గెట్ సీపీఏలో ఒక క్లిక్‌కి వేసే బిడ్ అంటే కొనే అవకాశాన్ని టార్గెట్‌తో గుణించినది. చౌక వస్తువు క్లిక్కుల్లో 4 శాతం కొనుగోలుగా మారుతుంటే బిడ్ 12. ఖరీదైన వస్తువుకి అర శాతమే మారుతుంటే బిడ్ 1.5. ఆ 1.5తో వేలంలో నిలబడలేం కాబట్టి ఖరీదైన సరుకు మెల్లగా కనిపించకుండా పోతుంది. రోయాస్ అంటే యాడ్ ఖర్చుతో పోలిస్తే వచ్చిన అమ్మకం విలువ ఎంత శాతమో చెప్పే అంకె. టార్గెట్ రోయాస్ 400 శాతం పెడితే లెక్క తిరగబడుతుంది: ఆశించే విలువని 4తో భాగిస్తారు. చౌకదానికి బిడ్ 5, ఖరీదైనదానికి 18.75.

అందుకే ధరల మధ్య తేడా ఎక్కువున్న స్టోర్‌కి మా సలహా రోయాస్ వైపే. అన్ని వస్తువుల మీదా మిగులు దగ్గరదగ్గరగా ఉంటే సీపీఏ చాలు, దాన్ని కదపకండి. స్టాండర్డ్ షాపింగ్ క్యాంపెయిన్‌లో అయితే టార్గెట్ సీపీఏ ఉండనే ఉండదు. ఈ ఎంపిక చేసుకోవలసింది సెర్చ్‌లో, పెర్ఫార్మెన్స్ మ్యాక్స్‌లో.

అయితే రోయాస్‌కి మారితే చాలని అనుకోవద్దు. రోయాస్ చూసేది అమ్మకం విలువని, మిగులుని కాదు. పై ఉదాహరణలో చౌక వస్తువు మీద మార్జిన్ 40 శాతం, కాబట్టి నష్టం రాకుండా ఉండటానికి 250 శాతం రోయాస్ చాలు. ఖరీదైనదాని మీద మార్జిన్ 20 శాతమే, దానికి 500 కావాలి. రెండింటికీ కలిపి 400 పెడితే 15,000 వస్తువు ఒకటి అమ్మడానికి 3,750 వరకూ ఖర్చు పెట్టమని చెప్పినట్టు. అక్కడ మిగిలేది 3,000 మాత్రమే.

డిస్కౌంట్ వస్తే ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అన్నింటి మీదా 10 శాతం తగ్గించారనుకోండి. చౌక వస్తువు 450కి అమ్మితే 150 మిగులుతుంది, బ్రేక్‌ఈవెన్ 250 నుంచి 300కి చేరుతుంది. ఖరీదైనది 13,500కి అమ్మితే మిగిలేది 1,500, బ్రేక్‌ఈవెన్ 500 నుంచి ఏకంగా 900కి ఎగబాకుతుంది. సేల్ ధరలు ఖరారైన రోజే ప్రతి వర్గానికీ ఈ లెక్క వేసుకోండి: అమ్మే ధరని మిగులుతో భాగించి 100తో గుణిస్తే బ్రేక్‌ఈవెన్ రోయాస్ వస్తుంది. టార్గెట్ దానికన్నా పైనే ఉండాలి.

దీన్ని అమలు చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది తేలిక: ప్రాడక్ట్ ఫీడ్‌లో `custom_label_0` కింద మార్జిన్ వర్గం రాసి, ఒక్కో వర్గానికి ఒక్కో క్యాంపెయిన్, ఒక్కో టార్గెట్. కాకపోతే ముక్కలు ఎక్కువైతే ఒక్కోదానికీ డేటా చాలదు. చాలా రకాల క్యాంపెయిన్లకి 30 రోజుల్లో కనీసం 15 కన్వర్షన్లు, అంటే యాడ్ ద్వారా వచ్చిన ఆర్డర్లు, ఉండాలని గూగుల్ చెబుతుంది. ధరల్లో ఇంత తేడా ఉన్నప్పుడు 15 మరీ తక్కువ, ఒక్క పెద్ద ఆర్డర్ మొత్తం లెక్కని వంచేస్తుంది. క్యాంపెయిన్‌కి 50 దాకా రాకపోతే విడగొట్టకపోవడమే మేలు.

రెండో దారి, కన్వర్షన్ విలువగా అమ్మకం ధరకి బదులు మిగులునే పంపడం. అప్పుడు ఒకే టార్గెట్ అన్ని వస్తువులకీ సరిపోతుంది. 150 శాతం పెడితే 3,000 మిగులు మీద 2,000 వరకూ ఖర్చు. డిస్కౌంట్‌తో మిగులు 1,500కి పడితే ఆ పరిమితి 1,000కి దిగాలి. అయితే పాత విలువల అంచనా వెంటనే చెరిగిపోదు కాబట్టి మొదటి రెండు రోజులూ ఖరీదైన వస్తువుల ఖర్చుని రోజూ చూడాలి. ఇంకో సంగతి, పేజీ కోడ్‌లో పంపే విలువ బ్రౌజర్ తెరిచి చూసేవాళ్లకి కనిపిస్తుంది. మార్జిన్ బయటపడకూడదనుకుంటే సర్వర్ వైపు నుంచి పంపే ఏర్పాటు చేసుకోండి.

ఏ దారి పట్టినా ముందు ట్యాగ్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఆర్డర్ ఖరారైన పేజీలో ఇలా ఉండాలి:

```
gtag('event', 'conversion', {
  'send_to': 'AW-CONVERSION_ID/LABEL',
  'value': ORDER_VALUE,
  'currency': 'CURRENCY_CODE',
  'transaction_id': 'ORDER_ID'
});
```

`value` దగ్గర మారని అంకె ఉంటే టార్గెట్ రోయాస్ మళ్లీ సీపీఏలాగే పనిచేస్తుంది. దీన్ని పట్టుకోవడం సులభం: రిపోర్ట్‌లో `Value / conv.` కాలమ్ తెరిచి, చౌక, ఖరీదైన క్యాంపెయిన్లకి ఒకే అంకె కనిపిస్తోందేమో చూడండి. `transaction_id` లేకపోతే కస్టమర్ పేజీని రిఫ్రెష్ చేసినప్పుడల్లా అదే ఆర్డర్ మళ్లీ లెక్కకి రావచ్చు. పన్నూ డెలివరీ ఛార్జీ విలువలో కలుస్తున్నాయా అన్నదీ చూడండి. కలిస్తే రోయాస్ ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.

మార్పు సేల్‌కి కనీసం నాలుగు వారాల ముందే జరగాలి. కొత్త వ్యూహం కుదురుకోవడానికి సుమారు 50 కన్వర్షన్లు లేదా మూడు కన్వర్షన్ సైకిళ్లు పట్టవచ్చు. క్లిక్ నుంచి కొనుగోలు దాకా పట్టే కాలమే ఒక సైకిల్. మొదటి టార్గెట్‌గా మీరు కోరుకునే అంకె పెట్టకండి, గత 30 రోజుల్లో నిజంగా వచ్చిన రోయాస్ పెట్టండి. అది 320 ఉంటే 320తోనే మొదలుపెట్టి, రెండు వారాలకోసారి 10 నుంచి 20 శాతం చొప్పున జరపండి. ఒక్కసారే 600కి లాగితే బిడ్లు పడిపోయి యాడ్స్ కనిపించడమే ఆగిపోతుంది.

సేల్ రోజులకి సీజనాలిటీ అడ్జస్ట్‌మెంట్ ఉంది. కన్వర్షన్ రేటు ఒక్కసారిగా మారే 1 నుంచి 7 రోజుల ఈవెంట్లకి అది బాగా పనిచేస్తుంది, 14 రోజులు దాటితే కాదు. అది కొనుగోలు రేటు పెరుగుతుందని మాత్రమే చెబుతుంది, మీ మార్జిన్ తగ్గిందని దానికి తెలియదు. కాబట్టి బ్రేక్‌ఈవెన్ 900 అయిన వర్గానికి టార్గెట్ పెంచకుండా దీన్ని మాత్రం పెట్టారంటే నష్టాన్ని వేగంగా కొన్నట్టే. ఆ వర్గాన్ని సేల్ నుంచి తప్పించడమో, దాని డిస్కౌంట్ తగ్గించడమో మేలు.

సేల్ అయ్యాక వెనక్కి వచ్చిన ఆర్డర్లని కన్వర్షన్ అడ్జస్ట్‌మెంట్ ద్వారా రద్దు చేయండి లేదా విలువ తగ్గించి పంపండి. కన్వర్షన్ జరిగిన 55 రోజుల్లోపే ఇది చేయగలం. ఖరీదైన సరుకులో రిటర్నులు ఎక్కువగా ఉంటే, ఇది చేసేదాకా తర్వాతి నెల టార్గెట్‌ని ఆ వారం రోయాస్ చూసి నిర్ణయించకండి.