పలకరింపు హద్దు దాటితే – 4వ పాఠం: లేచి వెళ్లలేని చోట

పోయిన పాఠంలో మాట ముగించి మర్యాదగా పక్కకు తప్పుకోవడం చూశాం. ఈసారి తప్పుకోవడానికి వీల్లేని చోటు తీసుకుందాం. రైల్లో కూర్చున్నారు, దిగడానికి ఇంకా మూడు గంటలుంది. పక్క సీటులో పెద్దావిడ నవ్వుతూ పలకరించింది.

"ఎందాకా అమ్మా?"

చెప్పారు. ఉద్యోగమా అని అడిగింది, అదీ చెప్పారు. పెళ్లయి ఎన్నేళ్లయింది? ఆరేళ్లు. అంతలోనే నాలుగోది వచ్చి పడింది: "మరి పిల్లలెందుకు లేరు?"

మొదటి మూడింటికీ టకటకా జవాబిచ్చాం కాబట్టి నాలుగోదానికీ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇది మన బలహీనత కాదు, సంభాషణ నడిచే తీరే అంత. 2009లో పది భాషల మాటతీరును పోల్చి చూసిన ఒక పరిశోధనలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతేనని తేలింది. అంత తక్కువ వ్యవధిలో ఆలోచించుకుని మర్యాదైన మాట వెతుక్కోవడం ఎవరివల్లా కాదు. అందుకే ఆ మాట ముందే నోటికి వచ్చి ఉండాలి.

నా సలహా ఈ వాక్యం: "ఇంటి విషయాలు బయట మాట్లాడనండీ."

దీన్ని కాస్త దగ్గరగా చూడండి. ఇందులో "మీరు" అన్న మాటే లేదు. "మీకెందుకండీ" అంటే ఎంత మెల్లగా అన్నా తప్పు ఎదుటి మనిషిదవుతుంది, ఆవిడ తనను తాను సమర్థించుకోక తప్పదు. "మీతో మాట్లాడను" అన్నా అంతే. "మాట్లాడనండీ" మాత్రం నా అలవాటు గురించి చెబుతుంది. ఎవరడిగినా ఇదే జవాబని అందులోనే ఉంది, ఆవిడకు చిన్నతనం ఉండదు. చివర్లో "అండీ" తప్పనిసరి. అది లేకపోతే అదే వాక్యం కసురుకున్నట్టు వినిపిస్తుంది.

కారణం మాత్రం చెప్పకండి. ఒకసారి నేను ఇలాంటి ప్రశ్నకే మొహమాటపడి "డాక్టర్‌కి చూపించుకుంటున్నామండీ" అనేశాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఏ డాక్టర్, లోపం ఎవరిలో, ఎన్నాళ్లుగా అంటూ స్టేషన్ వచ్చేదాకా ప్రశ్నలు ఆగలేదు. మనం చెప్పే ప్రతి కారణమూ మరో ప్రశ్నకు కొస అందిస్తుంది. అబద్ధపు కారణమైతే దాన్ని నిలబెట్టుకునే టెన్షన్ అదనం.

వాక్యం అయ్యాక ఆగకూడదు. ఆగితే ఇద్దరి మధ్యా ఇబ్బందికరమైన నిశ్శబ్దం వస్తుంది, దాన్ని పూడ్చడానికి ఆవిడ మళ్లీ అడుగుతుంది, లేదా మనమే కరిగిపోయి చెప్పేస్తాం. అదే ఊపిరిలో మాటను వేరే వైపు తిప్పండి: "ఇంటి విషయాలు బయట మాట్లాడనండీ. మీరు ఎవరింటికి వెళ్తున్నారు?" అయ్యో, మనమే సొంత విషయం అడిగేశాం చూడండి! ఈ తప్పు చాలామంది చేస్తారు. ప్రయాణం గురించో, కిటికీ గురించో అడగండి: "ఈ బండి రోజూ ఇంత ఆలస్యమేనా?"

ఎక్కువమంది ఇక్కడే సర్దుకుంటారు. కొందరు ఇంకోసారి ప్రయత్నిస్తారు: "అది కాదమ్మా, నీ మంచికే అడుగుతున్నా."

ఇప్పుడు కొత్త మాట వెతకొద్దు. "తెలుసండీ. కానీ ఇంటి విషయాలు బయట మాట్లాడనండీ." మొదటిసారి ఏ గొంతుతో అన్నారో అదే గొంతు. ఆవిడ ప్రేమను కాదనలేదు, జవాబూ మారలేదు. రెండోసారి గొంతు పెంచితే అక్కడినుంచి గొడవ మన గొంతు మీదకి మళ్లుతుంది, నసిగితే మూడోసారి అడగొచ్చని అర్థమవుతుంది. మూడోసారీ అడిగితే, "కాసేపు కళ్లు మూసుకుంటానండీ" అని నిజంగానే మూసుకోండి.

ఈ పద్ధతి కుతూహలం కొద్దీ అడిగేవాళ్ల కోసం. అలాంటివాళ్లు రెండోసారికి కాస్త నొచ్చుకున్నా వెనక్కి తగ్గుతారు. అలా కాకుండా ఒకే ప్రశ్నను మాటలు మార్చి అడుగుతుంటే, మీరు జరిగినకొద్దీ దగ్గరికి జరుగుతుంటే, ఇంటి అడ్రసో ఫోన్ నంబరో కావాలంటుంటే, "నేనేమన్నానని అంత పొగరు?" అని తప్పు మీ మీదకి నెడుతుంటే అది కుతూహలం కాదు. అక్కడ మర్యాద మీ బాధ్యత కాదు. సీటు మారండి, చుట్టూ ఉన్నవాళ్లకు వినిపించేలా "నన్ను ప్రశ్నలు అడగొద్దు" అనండి, రైల్వే సిబ్బందిని పిలవండి.

ఈ వారం సాధన: వాక్యాన్ని మీ నోటికి వచ్చే తీరులో మార్చుకోండి, "మీరు" మాత్రం రానివ్వకండి. ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, మామూలు ప్రశ్నలు గబగబా మూడు అడిగి నాలుగోది సొంత విషయం అడగమనండి. జవాబిచ్చేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "అంటే... అదీ..." అని మొదలైతే మళ్లీ మొదటినుంచి. వచ్చే పాఠంలో ఇదే పరిస్థితిని మెసేజ్‌లలో చూద్దాం. అక్కడ గొంతు వినిపించదు కాబట్టి "అండీ" ఒక్కటే సరిపోదు.