ఆసుపత్రి బిల్లులో ఒకే చార్జీ రెండుసార్లు పడితే: ఐటెం వారీ బిల్లు అడిగి సరిచేయించుకునే విధానం

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రైవేటు ఆసుపత్రుల్లో డిశ్చార్జ్ రోజు చేతికిచ్చే కాగితంలో చాలాసార్లు ఫార్మసీ, ల్యాబ్, రూమ్ అని మొత్తాలే ఉంటాయి. దాంతో డబుల్ ఎంట్రీ దొరకదు. బిల్లింగ్ కౌంటర్‌లో 'బ్రేకప్ బిల్లు' అడగండి: తేదీ, ఐటెం, సంఖ్య, రేటు ఉన్నది. పేషెంట్ వెళ్లాక వార్డు వాళ్లను పట్టుకోవడం కష్టం కాబట్టి ఫైనల్ సెటిల్‌మెంట్‌కు ముందే అడగడం మేలు. కట్టేసినా అడిగే హక్కు పోదు.

బిల్లును బిల్లుతోనే పోల్చితే లాభం లేదు. ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, నర్సులు మందులు రాసే చార్ట్ పక్కన పెట్టుకోవాలి. కేస్ షీట్ కాపీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాల్లో ఉంది.

ఒక ఉదాహరణ. 12వ తేదీన సీబీపీ అనే రక్తపరీక్ష రెండుసార్లు, 400 చొప్పున పడింది. ఇది తప్పు కాకపోవచ్చు. డెంగీ కేసుల్లో ప్లేట్‌లెట్ల కోసం పొద్దున, సాయంత్రం రక్తం తీస్తారు. రెండు రిపోర్టులుండి శాంపిల్ సమయాలు వేరైతే రెండు చార్జీలూ సరైనవే. రిపోర్టు ఒక్కటే ఉంటే అడగాల్సిందే. అలాగే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ రోజుకు 2 చొప్పున 4 రోజులు వేసినట్టు చార్ట్‌లో ఉంది, అంటే 8. బిల్లులో 12 ఉన్నాయి, ఫార్మసీకి వాపసు చేసినవి 2. మిగతా 2 ఎక్కడ? ఎక్కువ తేడాలు ఈ వాపసుల దగ్గరే బయటపడతాయి, రిటర్న్ స్లిప్ పారేయకండి.

దరఖాస్తు తెల్లకాగితం మీద చాలు, మెడికల్ సూపరింటెండెంట్ పేరిట:

"ఐపీ నంబరు ___, బిల్లు నంబరు ___. 12వ తేదీ సీబీపీ రెండుసార్లు పడింది, రిపోర్టు ఒక్కటే ఉంది. సెఫ్ట్రియాక్సోన్ చార్ట్ ప్రకారం 8, వాపసు పోగా బిల్లులో 10. పరిశీలించి, సవరించిన ఐటెం వారీ బిల్లు ఇచ్చి, తేడా సొమ్ము వాపసు చేయగలరు."

'బిల్లు ఎక్కువేశారు' అని మాత్రం రాయకండి, దానికి 'మా రేట్లు అంతే' అని తేల్చేస్తారు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద తేదీతో స్టాంపు, సంతకం వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ అయితే ఒక కాపీ బీమా క్లెయిములు చూసే టీపీఏ సంస్థకి కూడా పంపాలి, ఎందుకంటే డబుల్ ఎంట్రీ మీ పాలసీ సొమ్మునూ తినేస్తుంది.

జవాబు రాకపోతే ఆ స్టాంపు కాపీతో జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. డబ్బు వాపసు కోసమైతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.